మాజీ టీమ్ సభ్యుల గురించి రిక్రూటర్ అడిగితే: నిజమూ న్యాయమూ రెండూ నిలిచే జవాబు ఎలా ఉంటుంది?

క్లుప్తంగా: రిఫరెన్స్ చెక్‌లో అన్యాయం ఎక్కువగా అబద్ధం వల్ల జరగదు. చూసిన సంఘటన నుంచి మనిషి స్వభావంపైకి దూకడం వల్ల, సందర్భాన్ని వదిలేయడం వల్ల, తడబాటు వల్ల జరుగుతుంది. ఏం జరిగింది, ఎన్నిసార్లు, ఏ పరిస్థితిలో, ఆ తర్వాత ఏమైంది అన్న నాలుగు విషయాలకు జవాబును పరిమితం చేస్తే లోపాన్ని దాచనక్కర్లేదు, పెంచి చెప్పే ప్రమాదమూ ఉండదు. ఆరోగ్యం, కుటుంబం, తేలని ఆరోపణలు ఈ పరిధిలోకి రావు.

ఉద్యోగం మారుతున్నవారి పాత మేనేజర్‌కు ఓ ఫోన్ వస్తుంది. అవతలి రిక్రూటర్ పది, పదిహేను నిమిషాల్లో ఐదారు ప్రశ్నలు అడుగుతారు. అభ్యర్థి అన్ని విధాలా బాగా పనిచేసి ఉంటే ఆ సంభాషణలో ఇబ్బందేమీ ఉండదు. తీవ్రమైన తప్పు చేసి తొలగింపునకు గురైతే చాలా సంస్థల్లో దారి ముందే నిర్ణయమై ఉంటుంది: విషయం హెచ్ఆర్‌కు వెళ్తుంది. చిక్కంతా మధ్యలో ఉన్నవారితోనే. పని బాగా చేశారు, కానీ ఒక లోపం ఉంది. ఆ లోపం చెబితే ఉద్యోగం పోతుందేమోనని భయం, చెప్పకపోతే రేపు తన మాటకు విలువ ఉండదని మరో భయం. ఎక్కువ మంది మేనేజర్లకు ఎదురయ్యేది ఈ పరిస్థితే కాబట్టి విశ్లేషణ దీనిమీదే సాగుతుంది.

## ఒక్క మాటకు అంత బరువు ఎందుకు వస్తుంది?

రిఫరెన్స్ ఇచ్చేవారి పేర్లను చాలావరకు అభ్యర్థే ఎంచుకుంటారు. తన గురించి చెడు చెబుతారనుకున్నవారి పేరు ఎవరూ ఇవ్వరు. అందువల్ల రిక్రూటర్ చెవిన పడే మాటల్లో చాలా భాగం పొగడ్తే. అందరి గురించీ "చాలా మంచి ఉద్యోగి" అనే వినిపిస్తుంటే ఆ మాట నుంచి తెలిసేది ఏమీ ఉండదు. అప్పుడు రిక్రూటర్ చెవి సహజంగానే చిన్న తేడాల వైపు మళ్లుతుంది. జవాబుకు ముందు రెండు క్షణాల మౌనం, "బాగానే చేసేవారు" అనడంలో వినిపించే తగ్గింపు, ఫలానా ప్రశ్నకు సూటిగా చెప్పకుండా పక్కకు తప్పుకోవడం, ఇవన్నీ సంకేతాలుగా నమోదవుతాయి.

దీని ఫలితం రిఫరెన్స్ ఇచ్చేవారు ఊహించనిది. మనసు నొప్పించకూడదని అస్పష్టంగా మాట్లాడితే అభ్యర్థికి మేలు జరుగుతుందని వారు అనుకుంటారు. జరిగేది తరచూ దీనికి విరుద్ధం. లోపం ఏమిటో స్పష్టంగా చెబితే రిక్రూటర్ దాన్ని కొత్త ఉద్యోగంతో పోల్చి చూడగలరు. చెప్పకుండా తడబడితే ఆ ఖాళీని వారు తమ ఊహతో నింపుకొంటారు. డెడ్‌లైన్ విషయంలో చిన్న బలహీనత ఉన్న మనిషి, విన్నవారి ఊహలో నమ్మకద్రోహం చేసిన మనిషిగా మారే అవకాశం అక్కడే పుడుతుంది.

## పని నుంచి స్వభావానికి దూకడం

ఇతరుల ప్రవర్తనకు కారణం వెతికేటప్పుడు పరిస్థితిని తక్కువగా, స్వభావాన్ని ఎక్కువగా లెక్కించడం మనుషుల్లో కనిపించే బలమైన ధోరణి. సామాజిక మనస్తత్వవేత్త లీ రాస్ 1977లో దీన్ని కారణాలు ఆపాదించడంలో జరిగే మౌలికమైన పొరపాటుగా వర్ణించారు. రిఫరెన్స్‌లో ఇది పూర్తి స్థాయిలో పనిచేస్తుంది. "మూడు రిపోర్టులు ఆలస్యంగా వచ్చాయి" అన్నది చూసిన విషయం. "బాధ్యత లేని మనిషి" అన్నది తీర్పు. మొదటిదాన్ని పరీక్షించవచ్చు, కారణం అడగవచ్చు, కొత్త చోట ఆ పరిస్థితి ఉంటుందో లేదో ఆలోచించవచ్చు. రెండోదాన్ని నమ్మడమో వదిలేయడమో తప్ప చేయగలిగింది లేదు.

ఈ తేడా ఎంత ఖరీదైనదో బ్రిటన్‌లో 1994లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు ఇచ్చిన స్ప్రింగ్ వర్సెస్ గార్డియన్ అస్యూరెన్స్ కేసు చూపిస్తుంది. బీమా రంగంలో పనిచేసిన ఒక ఉద్యోగి గురించి పాత సంస్థ ఇచ్చిన రిఫరెన్స్‌లో ఆయనకు నిజాయితీ లేదన్న అర్థం వచ్చేలా రాశారు. ఆయనకు కొత్త అవకాశం దక్కలేదు. ఆయన తన పనిలో అసమర్థంగా వ్యవహరించిన మాట ఉంది గానీ మోసం చేయలేదని విచారణలో తేలింది. అంటే పనిలో కనిపించిన లోపాన్ని గుణంలోని లోపంగా రాసేశారు. రిఫరెన్స్ ఇచ్చే యజమానికి ఆ ఉద్యోగి విషయంలో తగిన జాగ్రత్త వహించాల్సిన బాధ్యత ఉందని ఆ తీర్పు స్థిరపరిచింది.

ఆ తర్వాత 1998లో బార్తోలొమ్యూ వర్సెస్ లండన్ బరో ఆఫ్ హ్యాక్నీ కేసులో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు మరో ముఖ్యమైన మాట చెప్పింది. రిఫరెన్స్ నిజంగా, కచ్చితంగా, న్యాయంగా ఉండాలి. అయితే ప్రతి విషయాన్నీ పూసగుచ్చినట్టు వివరించాల్సిన అవసరం లేదు. మొత్తంగా చూసినప్పుడు తప్పుదారి పట్టించకూడదు, అంతే. చట్టాలు దేశాన్నిబట్టి మారతాయి. కానీ ఈ కొలమానం కోర్టుల అవసరం లేని చోట కూడా పనికొస్తుంది: ప్రతి వాక్యం నిజమే అయినా, వాటిని కలిపి చదివితే ఏర్పడే బొమ్మ తప్పయితే ఆ రిఫరెన్స్ న్యాయమైనది కాదు.

## జవాబుకు ముందు చూసుకోవాల్సినవి

మొదటి ప్రశ్న, మాట్లాడే అధికారం ఉందా అన్నది. చాలా సంస్థలు ఉద్యోగ కాలం, హోదా మాత్రమే ధ్రువీకరిస్తాయి. అదీ హెచ్ఆర్ ద్వారానే. అలాంటి నియమం ఉన్నచోట మేనేజర్ దాన్ని దాటకూడదు. అయితే "మా సంస్థలో అందరి విషయంలోనూ ఇంతే చెబుతాం" అన్న వాక్యం తప్పనిసరిగా జోడించాలి. అది లేకపోతే "తేదీలు తప్ప ఇంకేమీ చెప్పలేను" అన్న మాట ఆ ఒక్క ఉద్యోగి మీద అనుమానంగా వినిపిస్తుంది.

రెండోది, అభ్యర్థికి ఈ ఫోన్ సంగతి తెలుసా. కొందరు రిక్రూటర్లు అభ్యర్థి ఇచ్చిన పేర్లను పక్కనపెట్టి, తమకు పరిచయం ఉన్న పాత సహోద్యోగులకు నేరుగా ఫోన్ చేస్తారు. అభ్యర్థి ఇంకా మరో సంస్థలో ఉద్యోగంలో ఉంటే, ఉద్యోగం వెతుకుతున్నారన్న సంగతే బయటికి పొక్కి నష్టం జరగవచ్చు. అందుకే వచ్చిన ఫోన్‌కు అప్పటికప్పుడు జవాబివ్వకుండా, సంస్థ మెయిల్ ఐడీ నుంచి వివరాలు పంపమని అడిగి, అభ్యర్థికి ఒక మెసేజ్ పెట్టి, ఆ తర్వాత సమయం ఇవ్వడం మంచి పద్ధతి. ఆ విరామం మరో పనికీ వస్తుంది. జ్ఞాపకం చివరి నెలలవైపే మొగ్గుతుంది. వెళ్లిపోయే ముందు జరిగిన గొడవ రెండేళ్ల మంచి పనిని కప్పేస్తుంది. పాత ప్రాజెక్టుల తేదీలను, తన దగ్గరున్న నోట్సును ఒకసారి తిరగేస్తే ఆ మొగ్గు సరవుతుంది.

మూడోది, కొత్త ఉద్యోగం ఏమిటి. ఇది అడగకుండా జవాబు చెప్పేవారే ఎక్కువ. ఒంటరిగా లోతైన పని చేయాల్సిన ఉద్యోగంలో పట్టించుకోనక్కర్లేని లోపం, నలుగురిని సమన్వయం చేయాల్సిన ఉద్యోగంలో పెద్దది కావచ్చు. ఏ ఉద్యోగమో తెలియకపోతే ఏది ముఖ్యమో ఎంచుకోవడం సాధ్యం కాదు.

## ఒక ఉదాహరణ, దగ్గరగా

ఇది ఊహించుకున్న సందర్భం. ఒక సాఫ్ట్‌వేర్ టీమ్‌లో రెండేళ్లకు పైగా పనిచేసిన డెవలపర్. ఆమె రాసిన కోడ్‌లో తప్పులు అరుదు. కొత్తగా చేరినవారికి ఓపిగ్గా నేర్పేవారు. అయితే చివరి ప్రాజెక్టు ఆరు వారాలు ఆలస్యమైంది. క్లయింట్‌తో మాటపడాల్సి వచ్చింది. మేనేజర్‌కు గుర్తున్నది ముఖ్యంగా ఆ మాటపడటమే.

పాత మెయిల్స్ చూస్తే ఆ ఆరు వారాల లెక్క వేరుగా తేలుతుంది. మరో టీమ్ ఇవ్వాల్సిన ఏపీఐ నాలుగు వారాలు ఆలస్యంగా వచ్చింది. మిగిలిన రెండు వారాలకు కారణం ఆమె వైపే ఉంది: పని అనుకున్నంత వేగంగా సాగడం లేదని ముందే చెప్పకుండా, తనే ఎలాగోలా పూర్తి చేయాలని చూశారు. ముందే చెప్పి ఉంటే మరొకరిని కేటాయించే వీలుండేది. అంతకుముందు ఓ చిన్న పనిలోనూ ఇలాగే జరిగింది. రెండోసారి తర్వాత మేనేజర్ వారానికోసారి పది నిమిషాలు కూర్చుని పురోగతి మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఆమె ఉన్న నాలుగు నెలల్లో అలాంటిది మళ్లీ జరగలేదు.

రిక్రూటర్ అడుగుతారు: "డెడ్‌లైన్ల విషయంలో ఆమె ఎలా ఉండేవారు?"

ఇక్కడ తేలిగ్గా నోటికొచ్చే జవాబులు రెండు. "ఆ విషయంలో కాస్త ఇబ్బందే, చివరి ప్రాజెక్టు ఆరు వారాలు లేటైంది" అన్నది ఒకటి. ఇందులో అబద్ధం లేదు. కానీ నాలుగు వారాలు ఆమెవి కావు. విన్నవారికి ఆరూ ఆమె ఖాతాలోనే పడతాయి. "ఏ సమస్యా లేదండి, చాలా బాగా చేసేవారు" అన్నది రెండోది. ఇది ఆమెకు సాయం చేసినట్టు కనిపిస్తుంది. కానీ కొత్త మేనేజర్‌కు వారానికోసారి మాట్లాడితే సరిపోతుందన్న ఉపయోగకరమైన సంగతి అందదు. రెండు నెలల తర్వాత అదే పొరపాటు జరిగితే, కారణం తెలియని కొత్త చోట ఆమె పేరే చెడుతుంది.

న్యాయమైన జవాబు ఇలా ఉండవచ్చు: "మామూలు పనులు సమయానికే ఇచ్చేవారు. రెండుసార్లు ఆలస్యమైంది. చివరి ప్రాజెక్టులో ఎక్కువ ఆలస్యం వేరే టీమ్ వల్ల జరిగింది. ఓ రెండు వారాలు మాత్రం, ఇబ్బంది ఉందని మాకు ముందే చెప్పకపోవడం వల్ల పెరిగింది. ఆ తర్వాత వారానికోసారి కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టాం. మళ్లీ అలా జరగలేదు."

ఏం జరిగింది, ఎన్నిసార్లు, ఏ పరిస్థితిలో, తర్వాత ఏమైంది, నాలుగూ ఇందులో ఉన్నాయి. లోపాన్ని దాచలేదు. అయినా ఈ జవాబు విన్న రిక్రూటర్ ముందు తిరస్కరణ తప్ప మరో దారి లేదన్న పరిస్థితి ఉండదు. కొత్త చోట వారపు సమీక్షలు ఉంటే ఆ లోపం పెద్దగా బయటపడదని వారికే అర్థమవుతుంది.

అనుభవమున్న రిక్రూటర్ అక్కడ ఆగకపోవచ్చు. "అంటే ఒత్తిడిలో పనిచేయలేరన్నమాట?" అని అడుగుతారు. సంఘటన నుంచి స్వభావానికి లాగే ప్రశ్న ఇది. అవుననడం సులభం, మర్యాదగానూ ఉంటుంది. కానీ అది చూసిన విషయం కాదు. "అలా అనలేను. ఒత్తిడి ఉన్న ఇతర సమయాల్లో ఆమె బాగానే పనిచేశారు. నేను చూసింది సాయం అడగడంలో ఆలస్యం ఒక్కటే" అన్నది సరైన జవాబు. సంభాషణ మొత్తంలో అభ్యర్థికి అత్యధిక మేలు చేసే వాక్యం తరచూ ఇలాంటి చిన్న దిద్దుబాటే.

## "మళ్లీ తీసుకుంటారా?"

ఈ ప్రశ్న దాదాపు ప్రతి రిఫరెన్స్ చెక్‌లోనూ వస్తుంది. అవును, కాదు అన్న రెండు జవాబులకే తావున్నట్టు వినిపిస్తుంది కాబట్టి రిక్రూటర్లు దీనికి ఎక్కువ విలువ ఇస్తారు. "కాదు" అన్నా, తటపటాయించినా మిగతా పదిహేను నిమిషాలూ కొట్టుకుపోతాయి.

కానీ ఈ ప్రశ్నలో అనేక విషయాలు కలగలిసి ఉంటాయి. టీమ్‌లో ఆ స్థానమే ఇప్పుడు లేకపోవచ్చు. రాజీనామా చేసినవారిని తిరిగి చేర్చుకోకూడదన్న నియమం సంస్థకు ఉండవచ్చు. మనిషి మంచివారే అయినా ఆ పని తనకు సరిపడకపోయి ఉండవచ్చు. అందుకని ప్రశ్నను విడదీసి చెప్పడమే న్యాయం: "డెవలపర్‌గా అయితే తప్పకుండా తీసుకుంటాను. టీమ్‌ను నడిపే బాధ్యతకు అయితే ఇంకొంత అనుభవం వచ్చాక ఆలోచిస్తాను." నిజంగా తీసుకోని పక్షంలోనూ ఏ పనికి తీసుకోరో, ఎందుకో చెప్పాలి. ముందే ఆలోచించి పెట్టుకోవాల్సిన జవాబు ఏదైనా ఉందంటే అది ఇదే. ఫోన్‌లో ఆ క్షణాన వచ్చే తడబాటుకు తర్వాత ఎంత వివరణ ఇచ్చినా ప్రయోజనం తక్కువ.

## సందర్భం చెప్పాలి, కానీ ఆ రహస్యం మేనేజర్‌ది కాదు

అన్నిటికంటే కష్టమైన సందర్భం వేరే ఉంది. ఒక ఉద్యోగి పనితీరు మూడు నెలలు బాగా పడిపోయింది. కారణం అనారోగ్యం, లేదా ఇంట్లో ఒకరి మరణం, లేదా ప్రసవం తర్వాతి రోజులు. ఆ కారణం మేనేజర్‌కు నమ్మకంతో చెప్పిన విషయం. ఇప్పుడు పనితీరు పడిపోయిందని చెప్పి కారణం చెప్పకపోతే అన్యాయం. కారణం చెబితే నమ్మకద్రోహం, చాలా దేశాల్లో చట్టపరమైన చిక్కు కూడా. "పాపం, ఆరోగ్యం బాగాలేక అలా అయింది" అని సానుభూతితో అన్న మాట కూడా అవతల "మళ్లీ జబ్బు పడతారేమో" అన్న భయంగా మారగలదు.

ఇక్కడ మూడు దారులున్నాయి. ఆ కాలం ఆ ఉద్యోగి అసలు పనితీరును చూపదని మేనేజర్ నమ్మితే దాన్ని లెక్కలోకే తీసుకోకుండా మిగతా కాలం గురించి మాట్లాడవచ్చు. రిఫరెన్స్ సంపూర్ణంగా ఉండనక్కర్లేదన్న సూత్రం ఇక్కడ సరిగ్గా వర్తిస్తుంది. సూటిగా ఆ కాలం గురించే అడిగితే "ఆ నెలల్లో పని మందగించింది, దానికి తాత్కాలికమైన కారణాలున్నాయి, ఆ తర్వాత మళ్లీ మామూలు స్థాయికి వచ్చారు, ఇంతకుమించి చెప్పడం నా పరిధి కాదు" అనవచ్చు. మూడోది, ఫోన్‌కు ముందే అభ్యర్థిని అడగడం. ఆ విషయం చెప్పవచ్చా, ఎంతవరకు అన్నది తేల్చాల్సింది వారే. కొందరు తామే ఇంటర్వ్యూలో చెప్పి ఉంటారు కూడా.

సెలవులు, గర్భం, పెళ్లి, పిల్లలు, మతం, కులం, వయసు, జీతం గురించి అడిగితే మాత్రం ఆలోచించాల్సిందేమీ లేదు. "పనికి సంబంధించిన విషయాలే చెప్పగలను" అంటే చాలు.

## తీవ్రమైన ఆరోపణ ఉన్నప్పుడు

విచారణ జరగని ఆరోపణ, కారిడార్‌లో వినిపించిన మాట, ఎవరో ఒకరి ఫిర్యాదు రిఫరెన్స్‌లోకి రాకూడదు. ఆ ఉద్యోగికి తన వైపు చెప్పుకునే అవకాశం దక్కలేదు కనుక, మేనేజర్ నోట వచ్చే ఆ మాట విచారణ లేని శిక్షే అవుతుంది.

విచారణలో రుజువైన తీవ్ర దుష్ప్రవర్తన విషయం వేరు. అక్కడ మౌనానికీ పొగడ్తకూ మధ్య ఉన్న తేడాను కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1997లో ర్యాండీ డబ్ల్యూ కేసులో స్పష్టం చేసింది. విద్యార్థినులతో అనుచితంగా ప్రవర్తించాడన్న ఫిర్యాదుల సంగతి తెలిసీ, పాత పాఠశాల యంత్రాంగాలు ఒక ఉద్యోగిని ఎలాంటి షరతూ లేకుండా మెచ్చుకుంటూ సిఫారసు లేఖలు ఇచ్చాయన్నది అభియోగం. కొత్త పాఠశాలలో ఒక బాలికపై అతను లైంగిక దాడికి పాల్పడ్డాడన్న ఆరోపణతో కేసు నడిచింది. ఇతరులకు శారీరక హాని జరిగే ప్రమాదం ముందే కనిపిస్తున్నప్పుడు తప్పుదారి పట్టించే సిఫారసు ఇచ్చినవారు బాధ్యులు కావచ్చని కోర్టు చెప్పింది. పూర్తి వివరాలు చెప్పడం, లేదా ఏ అభిప్రాయమూ వ్యక్తం చేయకపోవడం, ఈ రెండూ వారికి అందుబాటులో ఉన్న దారులేనని గుర్తుచేసింది. సగం నిజాన్ని పూర్తి ప్రశంసగా ఇవ్వడమే అసలు ప్రమాదం. ఇలాంటి సందర్భంలో మేనేజర్ ఒంటరిగా నిర్ణయం తీసుకోకుండా హెచ్ఆర్‌నూ న్యాయ విభాగాన్నీ కలుపుకోవాలి.

## ఫోన్ పెట్టేశాక

రిక్రూటర్ విన్నది వేరు, రాసుకున్నది వేరు కావచ్చు. ఫారంలో "డెడ్‌లైన్లు: బలహీనం" అన్న రెండు మాటలుగా కుదించుకుపోతే ఎంత జాగ్రత్తగా చెప్పినా సందర్భం మాయమవుతుంది. పైన చూసిన డెవలపర్ విషయంలో మేనేజర్ ఆ రోజే నాలుగు వాక్యాల మెయిల్ పంపవచ్చు: ఎంతకాలం కలిసి పనిచేశారు, బలం ఏమిటి, రెండు ఆలస్యాల నేపథ్యం, వారపు సమావేశాల తర్వాత కనిపించిన మార్పు. సంస్థ నియమాలు రాతపూర్వక రిఫరెన్స్‌ను అనుమతించకపోతే, ఫోన్ ముగించే ముందే "నేను చెప్పింది మీరు ఎలా రాసుకున్నారో ఒకసారి చదివి వినిపిస్తారా" అని అడగవచ్చు. చాలామంది రిక్రూటర్లు దీనికి అభ్యంతరం చెప్పరు.

అభ్యర్థికి కూడా ఏం చెప్పారో తెలియజేయడం మంచిది, ముఖ్యంగా లోపం ప్రస్తావనకు వచ్చినప్పుడు. "నాలుగు వారాల ఆలస్యం వేరే టీమ్‌ది అని చెప్పాను, ముందే చెప్పకపోవడం గురించి కూడా చెప్పాను, తర్వాత సరిచేసుకున్నారని చెప్పాను" అన్న మెసేజ్ ఆమెకు అందితే, తర్వాతి ఇంటర్వ్యూలో అదే ప్రశ్న వచ్చినప్పుడు ఆమె తన వైపు నుంచి సిద్ధంగా ఉండగలరు. ఆమె ముఖం మీద చెప్పడానికి వెనుకాడే వాక్యం ఏదైనా రిక్రూటర్‌తో మేనేజర్ అని ఉంటే, దాన్ని సరిచేయడానికి మరో ఫోన్ చేయాల్సి ఉంటుంది.